ఈపులా? చుండ్రా? మా ఇంటి పంచాయితీ

సంక్రాంతి సెలవులయ్యి స్కూల్ తెరిచాక మా మూడో క్లాసు పాప డైరీలో టీచర్ ఎర్ర పెన్నుతో "తల చూసి పంపండి" అని రాసి పంపింది, చూడమంది బానే ఉంది కానీ ఏం చూడాలో రాయలేదు. అత్తయ్య అద్దాలు పెట్టుకుని ట్యూబ్‌లైట్ కింద పాపని ఒళ్ళోకి లాక్కుని రెండు పాయలు తీశారో లేదో తీర్పు చెప్పేశారు. "ఈపులే అమ్మాయ్, తలనిండా ఉన్నాయి, పండక్కి మీ పుట్టింట్లో పిల్లలంతా ఒకే మంచమ్మీద దొర్లారుగా మరి."

మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "చుండ్రయ్యుంటుంది లేమ్మా" అన్నాడు. సరే నిరూపించమంటే లేచొచ్చి పాపిడి మీద ఉఫ్ అని ఊదాడు, తెల్లగా పొట్టు లేచి వెళ్ళి సరిగ్గా అత్తయ్య కాఫీలో పడింది. "చూశారా, ఎగిరిందంటే చుండ్రే" అని అక్కడికేదో కేసు గెలిచినట్టు కూర్చున్నాడు.

ఎగిరింది ఈపి కాదు, అంతవరకూ కరెక్టే. కానీ పదేళ్ళ లోపు పిల్లలకి అసలు చుండ్రు రావడం తక్కువ, నెత్తిలో నూనె గ్రంథులు జోరందుకునే వయసులో వచ్చేది అది, ఈ పిల్లకి చలికాలం చర్మం పొడిబారి లేచిన పొట్టు, దానికి తోడు సరిగ్గా కడగని షాంపూ. పైగా ఆయన ఊదింది నడినెత్తిన, ఈపులుండే చోటు చెవుల వెనకా మెడ పైనా. అక్కడ జుట్టు తీసి ఊదితే ఒక్కటీ కదల్లేదు. రెండు గోళ్ళ మధ్య పట్టుకుని లాగి చూశాను, పొట్టయితే వెంట్రుక వెంబడి జారి వచ్చేస్తుంది, ఇది ససేమిరా అంది, చివరిదాకా గోళ్ళతో గీరుకుంటూ లాగితే కానీ ఊడలేదు. పేను గుడ్డు పెట్టేటప్పుడు జిగురు వేసి మరీ అంటిస్తుంది మరి. వెలుగులో పెట్టి చూస్తే పొట్టు ఒక్కోటి ఒక్కో షేపు, ఇది మాత్రం నున్నగా కోలగా వెంట్రుకకి ఒకే పక్కన ఏటవాలుగా నిలబడుంది.

"నే చెప్పలే!" అన్నారు అత్తయ్య. పుట్టింటి మీద నింద కదా, అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటాను, పాప జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీశాను.

పేను గుడ్డు పెట్టేది వేరుకి బాగా దగ్గర్లో, దాదాపు అర సెంటీమీటర్ లోపే, ఎందుకంటే పొదగడానికి నెత్తి వేడి కావాలి. వారం పది రోజుల్లో పిల్ల బయటికి పోతుంది, ఖాళీ పెంకు మాత్రం జిగురుతో అక్కడే ఉండి జుట్టుతో పాటు పైకి జరుగుతుంది, జుట్టేమో నెలకి సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. సంక్రాంతికి అంటుకున్నవైతే ఇంకా వేరు దగ్గరే ఉండాలి, పాప తలలో ఉన్నవన్నీ నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, పైగా తెల్లగా. బతికున్న ఈపి కాస్త కాఫీరంగులో జుట్టులో కలిసిపోయి ఉంటుంది, కంటికి తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడేవి చాలావరకూ ఖాళీ పెంకులే. జనవరి చివర్నించి నాలుగు నెలలు వెనక్కి లెక్కేస్తే దసరా సెలవులు. దసరాకి పాప ఉన్నది ఎవరింట్లో అంటే వాళ్ళ మేనత్త ఇంట్లో!

అత్తయ్య అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు, మా ఆయన మళ్ళీ ఫోన్‌లోకి దూరిపోయాడు.

పెంకులున్నాయంటే పేలున్నట్టు కాదు, కదిలే పేను కనబడితేనే మందు రాయాలి. పొడి జుట్టులో వెతికితే నువ్వుగింజంత పేను వెలుగు తగలగానే పరిగెత్తి దాక్కుంటుంది, అందుకని తల తడిపి కండిషనర్ దండిగా పట్టించాను, అందులో దానికి కాళ్ళాడవు. పేల దువ్వెనతో పాయ పాయగా కుదుళ్ళనించి చివరిదాకా దువ్వి ప్రతిసారీ తెల్ల టిష్యూకి తుడిచి చూశాను. పాప "అయిపోయిందా" అని గోల, అత్తయ్య "ఉండవే కదలకు" అని గోల, టిష్యూల మీద మాత్రం నురగా, నాలుగు పెంకులూ, కాస్త పొట్టూ తప్ప కాళ్ళున్నది ఒక్కటి లేదు. నాలుగు రోజులాగి మళ్ళీ దువ్వినా అంతే.

మరి ఎవరూ మందు రాయకుండా పేలు వాటంతటవే పోయాయా అన్న డౌటు మిగిలింది, ఆడపడుచుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "అయ్యో వదినా, మా వాడి తలనించే ఎక్కినట్టున్నాయి, మెడికల్ షాపులో పర్మెత్రిన్ తెచ్చి పది నిమిషాలుంచి కడిగేశా, గుడ్లలో మిగిలినవి పొదిగాక చస్తాయని మీరు బయల్దేరే ముందు ఇంకోసారి కూడా రాశాగా."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?" అన్నారు అత్తయ్య.

"చెప్తే ఎవరింట్లో అంటుకున్నాయని అడుగుతావు కదమ్మా."