లేని బైబ్యాక్‌తో పెరిగే ఈపీఎస్

కంపెనీల ఫలితాల పట్టికలో అట్టడుగున, ఒక్కో షేరుకు ఎంత లాభం వచ్చిందో చెప్పే ఈపీఎస్ వరుసలు రెండుంటాయి. బేసిక్ అంటే ఇప్పుడున్న షేర్ల లెక్క, డైల్యూటెడ్ అంటే ఉద్యోగుల ఆప్షన్ల వల్ల రాబోయే షేర్లనూ కలిపిన లెక్క. బేసిక్ ఈపీఎస్ రూ.10, డైల్యూటెడ్ ఈపీఎస్ రూ.9.71 అని కనిపిస్తే చాలామంది మదుపరులు ఊపిరి పీల్చుకుంటారు. ఉద్యోగులకు ఎన్ని ఆప్షన్లు పంచినా మన వాటాకు పడే కోత 29 పైసలే కదా అనుకుంటారు. ఆ 29 పైసలను నమ్మవద్దని చెప్పడానికే ఈ వ్యాసం. ఆడిటర్లు తప్పు చేస్తున్నారని నేను అనడం లేదు. వారు పాటిస్తున్న నియమమే కోతను చిన్నదిగా చూపించేలా ఉంది.

ఒక కంపెనీని ఊహించుకుందాం. ఏడాది లాభం రూ.100 కోట్లు, షేర్లు 10 కోట్లు. కాబట్టి బేసిక్ ఈపీఎస్ రూ.10. ఉద్యోగుల చేతిలో కోటి ఆప్షన్లున్నాయి. ఒక్కో ఆప్షన్‌కు రూ.100 కట్టి ఒక షేరు తీసుకోవచ్చు. ఏడాది పొడవునా షేరు సగటు మార్కెట్ ధర రూ.400. అందరూ ఆప్షన్లు వాడుకుంటే షేర్లు 11 కోట్లవుతాయి, ఈపీఎస్ రూ.9.09కి దిగుతుంది. కానీ ఉద్యోగులు ఊరికే తీసుకోరు, రూ.100 కోట్లు కడతారు. ఆ డబ్బుతో కంపెనీ రూ.400 చొప్పున 25 లక్షల షేర్లను మార్కెట్లో తిరిగి కొన్నట్టు భావించాలంటుంది ట్రెజరీ స్టాక్ పద్ధతి. అప్పుడు నికరంగా పెరిగేవి 75 లక్షల షేర్లు. రూ.100 కోట్లను 10.75 కోట్లతో భాగిస్తే డైల్యూటెడ్ ఈపీఎస్ రూ.9.30. ఇంతవరకు నాకు పెద్ద పేచీ లేదు.

మరి 9.71 ఎక్కడి నుంచి వచ్చింది? ఈపీఎస్ లెక్కకు మన కంపెనీలు పాటించే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 33లోని 47ఏ పేరా నుంచి. ఆప్షన్ల విలువను కంపెనీ ఒకే రోజున ఖర్చు రాయదు. ఉద్యోగి పనిచేయాల్సిన మూడు నాలుగేళ్లకు పంచి రాస్తుంది. మన కంపెనీలో ఉద్యోగులు పనిచేయాల్సిన ఆ గడువు ఇంకా తీరలేదని, ఒక్కోదానికి రూ.180 ఖర్చు ముందు ముందు రాయాల్సి ఉందని అనుకుందాం. ఆ రూ.180ని కూడా ఉద్యోగి కట్టబోయే ధరలో కలపమంటుంది 47ఏ. ఉద్యోగి రేపు చేయబోయే పని కంపెనీకి అందే ప్రతిఫలమే అన్నది దాని తర్కం. అంటే ఆప్షన్ ధర రూ.100 కాదు, రూ.280. కోటి ఆప్షన్లకు రూ.280 కోట్లు ‘వచ్చినట్టు’, దాంతో 70 లక్షల షేర్లు కొన్నట్టు లెక్క. ఇక పెరిగేవి 30 లక్షలే. అలా వచ్చింది మన రూ.9.71.

ఆ రూ.180 కోట్లు ఏ బ్యాంకు ఖాతాలోనూ లేవు, ఎప్పటికీ రావు. అది కంపెనీ భరించాల్సిన ఖర్చు. ఇంకా మోయని బరువును చేతికందిన డబ్బుగా లెక్కగడుతున్నాం. పేటీఎం వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ 2025లో 2.1 కోట్ల ఆప్షన్లను వదులుకున్నప్పుడు ఏమైందో గుర్తుచేసుకోండి. మిగిలి ఉన్న ఖర్చు రూ.492 కోట్లను కంపెనీ ఒకే త్రైమాసికంలో రాసుకోవాల్సి వచ్చింది. ఆ మొత్తం ఖర్చు పద్దులోకే వెళ్లింది, దాంతో ఎవరూ ఒక్క షేరు కొనలేదు.

అసలు విచిత్రం షేరు ధర పడినప్పుడు బయటపడుతుంది. మన కంపెనీ సగటు ధర రూ.400 నుంచి రూ.250కి పడిందనుకోండి. నియమం ప్రకారం ఆప్షన్ ధర రూ.280, మార్కెట్ ధర కంటే ఎక్కువ. కాబట్టి ఈ ఆప్షన్లు కోత పెట్టవని తేల్చి లెక్కలోంచి తీసేస్తారు. డైల్యూటెడ్ ఈపీఎస్ మళ్లీ రూ.10. కానీ ఉద్యోగి కట్టాల్సింది ఇప్పటికీ రూ.100 మాత్రమే. గడువు తీరగానే రూ.250 షేరు అతని చేతికొస్తుంది. కోటి ఆప్షన్ల మీద రూ.150 కోట్ల విలువ పాత వాటాదారుల జేబులోంచి కదలడానికి సిద్ధంగా ఉంది. పట్టికలో మాత్రం సున్నా.

ఇక కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనే ఆ బైబ్యాక్ సంగతి. ఈ పద్ధతి పుట్టిన అమెరికాలో కంపెనీ తన షేర్లను కొని తన దగ్గరే ఉంచుకోవచ్చు. వాటినే ట్రెజరీ స్టాక్ అంటారు. మన కంపెనీల చట్టం 2013లోని 68వ సెక్షన్ ప్రకారం బైబ్యాక్ చేసిన షేర్లను ఏడు రోజుల్లో రద్దు చేసి తీరాలి. అంతకంటే ముఖ్యమైన మాట ఆ సెక్షన్ మొదట్లోనే ఉంది. ఒక రకం షేర్లను జారీ చేసి తెచ్చిన డబ్బుతో అదే రకం షేర్లను తిరిగి కొనకూడదు. ఈక్విటీ షేర్లు ఇచ్చి, ఆ సొమ్ముతో ఈక్విటీ షేర్లు కొనడమే కదా ఈ పద్ధతి ఊహించేది! చట్టం కాదన్న పనిని కంపెనీ చేసేసినట్టు భావించి మనకు ఈపీఎస్ చెబుతున్నారు.

దీనికి అకౌంటెంట్ల దగ్గర జవాబు లేకపోలేదు. ఇండ్ ఏఎస్ 33 బైబ్యాక్ జరిగిందని చెప్పదు. వచ్చే సొమ్ముకు సరిపడా షేర్లు మార్కెట్ ధరకు జారీ అయినట్టు, మిగిలినవి ఉచితంగా ఇచ్చినట్టు చూడమంటుంది. అలాగే ఆప్షన్ల ఖర్చు ఎలాగూ ఏటా లాభంలోంచి పోతోంది, షేర్ల సంఖ్యలోనూ పూర్తిగా చూపితే ఒకే భారాన్ని రెండుసార్లు మోపినట్టవుతుందని వాదిస్తారు. మొదటిది మాటల మార్పే, అంకెలు అవే వస్తాయి. రెండోదానిలో కొంత పస ఉంది. కానీ ఖర్చు ఆప్షన్ ఇచ్చిన రోజు విలువ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత షేరు నాలుగింతలైతే, ఆ పెరుగుదలలో ఉద్యోగులకు వెళ్లే వాటా లాభనష్టాల ఖాతాలో ఎక్కడా కనిపించదు. దాన్ని చూపించాల్సిన ఒకే ఒక్క చోటు డైల్యూటెడ్ ఈపీఎస్. అదే దాచిపెడితే ఎలా?

నష్టాల్లో ఉన్న కంపెనీల్లో ఈ చూపించడమూ ఉండదు. రూ.100 కోట్ల నష్టాన్ని ఎక్కువ షేర్లకు పంచితే షేరుకు నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆప్షన్లను పూర్తిగా పక్కన పెట్టమంటుంది నియమం. దాని తర్కం సరైనదే. ఫలితం మాత్రం, కోట్లాది ఆప్షన్లు పంచిన స్టార్టప్‌లోనూ బేసిక్, డైల్యూటెడ్ అంకెలు అచ్చంగా ఒకేలా ఉంటాయి. కంపెనీ లాభంలోకి వచ్చిన ఏడాది ఆ షేర్లన్నీ ఒక్కసారిగా తలెత్తుతాయి.

ఇదే స్టార్టప్ ఇన్వెస్టర్లకు ఇచ్చే ప్రజెంటేషన్ తీసి చూడండి. అక్కడ వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభాన్ని మరికొంత సవరించి చూపే ‘అడ్జస్టెడ్ ఎబిటా’ అన్న అంకె ఉంటుంది. ఆప్షన్ల ఖర్చు నగదు కాదు కాబట్టి దాన్ని లాభంలోకి తిరిగి కలిపామని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. అదే ఖర్చులో ఇంకా రాయని భాగాన్ని డైల్యూటెడ్ ఈపీఎస్ దగ్గర షేర్లు కొనడానికి వచ్చిన నగదుగా వాడుకుంటారు. యాజమాన్యానికి ఆ రూపాయి ఒక పేజీలో నగదు కాదు, మరో పేజీలో నగదు. రెండు చోట్లా మెరుగయ్యేది కంపెనీ బొమ్మే.

ఫలితాల పట్టికలో సెబీ ఒక్క వరుస అదనంగా అడిగితే చాలు: చెలామణిలో ఉన్న ఆప్షన్లు ఎన్ని, వాటి సగటు ధర ఎంత. ఈ రెండూ ఇప్పటికే వార్షిక నివేదికలో షేర్ ఆధారిత చెల్లింపుల నోట్‌లో ఉంటాయి, వందల పేజీల వెనుక. అంతవరకు ఆ నోట్ తెరిచి, ఆప్షన్ల సంఖ్యను నేరుగా షేర్లకు కలిపి లాభాన్ని భాగించుకోండి. మన ఊహా కంపెనీకి రూ.9.09 వస్తుంది. ఉద్యోగులు కట్టే సొమ్మును లెక్కలోకి తీసుకోదు కాబట్టి అది కాస్త కఠినమైన అంకే. ఉద్యోగులు నిజంగా కట్టే రూ.100ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే రూ.9.30. అసలు అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. కంపెనీ అచ్చువేసిన 9.71 ఆ రెండింటికీ పైన ఉంది.