మీ బస్తా ఎన్ని కిలోలు?

"ఎకరానికి ఎన్ని బస్తాలు పండింది?" అని ఎవరైనా అడిగితే ఈమధ్య నాకు చిరాకొస్తోంది. ఏ బస్తా అని తిరిగి అడిగితే వాళ్లకు నేనే తిక్కలోడిలా కనిపిస్తాను.

మాది కరీంనగర్ వైపు. మా దగ్గర బస్తా అంటే వడ్ల కొనుగోలు సెంటర్‌లో కాంటా పెట్టే నలభై కిలోల సంచి. మా అక్కను ఇచ్చింది భీమవరం దగ్గర. అక్కడ వడ్ల బస్తా అంటే డెబ్బై ఐదు కిలోలు. మొన్న పండక్కి బావ వచ్చినప్పుడు మాకు ఎకరానికి అరవై ఆరు బస్తాలు వచ్చాయని బాపు చెప్తే ఆయన నోరు తెరిచాడు. ఆయనకు ముప్పై ఐదే వచ్చాయట. ఏం మందు వేశారు, ఏ విత్తనం అని అరగంట ఆరా తీశాడు. తీరా లెక్క వేస్తే ఆయన 35 బస్తాలు 26 క్వింటాళ్ల 25 కిలోలు, మా 66 సంచులు 26 క్వింటాళ్ల 40 కిలోలు. తేడా పదిహేను కిలోలు! దీనికోసం మా బాపు రెండు రోజులు మీసం మెలేశాడు.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది పోయిన యాసంగిలో జరిగింది. ఆ తప్పు నాదే.

ట్రాలీ నిండా వడ్లతో నేను వేబ్రిడ్జికి వెళ్లాను. చీటీ మీద నికర బరువు 7080 అని వచ్చింది, కిలోల్లో. బాపుకు ఫోన్ చేసి "ఏడు టన్నుల ఎనభై" అన్నాను. ఆయన పాకెట్ బుక్కులో 7.80 అని రాసుకున్నాడు. టన్నుకు పది క్వింటాళ్లు కాబట్టి 78 క్వింటాళ్లు, క్వింటాల్‌కు రెండున్నర సంచులు కాబట్టి 195 సంచులు. లెక్క ఎక్కడా తప్పలేదు, రాసుకున్న అంకె తప్పింది. ఏడు టన్నుల ఎనభై కిలోలంటే 7.080, అంటే 70 క్వింటాళ్ల 80 కిలోలు. ఆ ఒక్క సున్నా విలువ ఏడు క్వింటాళ్ల ఇరవై కిలోలు.

సెంటర్‌లో 195 గన్నీ సంచులు తీసుకున్నాం. 177 నిండేసరికి కుప్ప అయిపోయింది. పద్దెనిమిది సంచులు ఖాళీగా మిగిలితే బాపుకు బీపీ పెరిగింది. హమాలీల మీద విరుచుకుపడ్డాడు. వాళ్లలో పెద్దాయన "మేము తిన్నామా కాకా, చీటీ తియ్యి చూద్దాం" అన్నాడు. నేను జేబులోంచి చీటీ తీశాను. ఆ తర్వాత టీలన్నీ నా ఖాతాలోనే.

ఆ రోజు నుంచి నేను వేబ్రిడ్జి బరువును టన్నుల్లో నోటితో చెప్పడం మానేశాను. కిలోల్లోనే చెప్తాను, "ఏడు వేల ఎనభై" అని. కిలోల అంకెలో చివరి రెండు స్థానాల ముందు చుక్క పెడితే క్వింటాళ్లు వచ్చేస్తాయి, 70.80. టన్నుల జోలికి పోకపోతే ఈ పాయింట్ల గొడవే ఉండదు.

ఇక ఈ వానాకాలం సంగతి. ఈసారి లెక్క తప్పింది మాది కాదు.

హార్వెస్టర్ కోసి పోసిన రోజు మూడెకరాల వడ్లు 8300 కిలోలు తూగాయి. తేమ ఇరవై శాతం. సెంటర్‌లో పదిహేడు దాటితే తీసుకోరు కాబట్టి కల్లంలో ఆరబోశాం. ఇక్కడ చాలామంది మూడు శాతం తేమ పోతే మూడు శాతం బరువు పోతుందని 249 కిలోలు తీసేస్తారు. అది తప్పు. ఎండలో పోయేది నీళ్లే, గింజలోని పదార్థం అలాగే ఉంటుంది. ఇరవై శాతం తేమప్పుడు ఆ పదార్థం నూటికి 80 భాగాలు, పదిహేడు దగ్గర 83 భాగాలు. అందుకని 8300ను 80తో గుణించి 83తో భాగించాలి. సరిగ్గా 8000 కిలోలు వస్తుంది. అంటే కోత రోజు తూకం పట్టుకుని సెంటర్‌లో 83 క్వింటాళ్లు ఇవ్వమని కొట్లాడితే మన మాట నిలబడదు. తేమ మిషన్ కూడా కుప్ప పైన ఒకటి, అడుగున ఇంకొకటి చూపిస్తుంది. నాలుగు చోట్ల గింజ తీసి కలిపి చూడమని అడగాలి.

సరే, 8000 కిలోలు, 80 క్వింటాళ్లు, 200 సంచులు. ఇది నా చీటీలో ఉన్న లెక్క. కాంటా అయ్యాక వచ్చిన సంచులు 190. ఇరవై కిలోల వడ్లు అడుగున మిగిలాయి.

ఈసారి బాపు అరవలేదు. నా వైపు చూశాడు. పోయినసారి నా చీటీయే కదా ముంచింది.

నేను పోయి కాంటా పక్కన నిలబడ్డాను. ఖాళీ గన్నీ సంచి దాదాపు ఆరు వందల గ్రాములు ఉంటుంది. నలభై కిలోల వడ్లు పోస్తే మిషన్ మీద 40.6 కనపడాలి. కనపడింది 42.6. అడిగితే "తరుగు" అన్నారు. తాలు ఉంటుందట, మిల్లులో కోత పెడతారట, అందరికీ ఇంతేనట. సంచికి రెండు కిలోలంటే వినడానికి ఏముంది, పిట్టలు తిన్నంత! 190 సంచులకు అది 380 కిలోలు. క్వింటాల్ 2,389 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2025-26 మద్దతు ధర. లెక్కేస్తే 9,078 రూపాయలు. మాకు వచ్చిన రసీదులో మాత్రం తప్పు వెతికినా దొరకదు. 190 సంచులు, నలభై కిలోల చొప్పున, 76 క్వింటాళ్లు. కాగితం మీద ఆ 380 కిలోలు ఎప్పుడూ పుట్టనే లేదు.

నా కోపమంతా ఇక్కడే. తాలు ఉంటే జల్లెడ పట్టించండి. కోత పెట్టాల్సి వస్తే క్వింటాల్‌కు ఇంత అని రసీదులో రాయండి. సంచిలో ఎక్కువ పోసి, సంచులు లెక్కపెట్టి, క్వింటాళ్లు అని రాస్తే దాన్ని తూకం అనరు.

ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు. లారీ మిల్లుకు పోయే ముందు వేబ్రిడ్జి ఎక్కుతుంది కదా, నిండు బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేయండి. ఆ లారీలో మన 190 సంచులే ఉంటే 40.6 చొప్పున 7714 కిలోలు రావాలి. మాది 8090 చూపించింది. వేబ్రిడ్జి పది కిలోల మెట్టు మీద చూపిస్తుంది కాబట్టి పదీ ఇరవై కిలోల కోసం నేను పేచీ పెట్టను. మూడు వందల డెబ్బై ఆరు కిలోల తేడాకు మాత్రం ఏ మెట్టూ సరిపోదు. ఇద్దరు ముగ్గురు రైతుల సంచులు ఒకే లారీలో పోతే మాత్రం ఈ పని జరగదు. అప్పుడు కుట్టిన సంచుల్లోంచి మనకిష్టమైన ఐదు తీసి మళ్లీ కాంటా పెట్టించుకోవడమే.

భీమవరం బావకు ఇదంతా చెప్తే ఆయన గోల ఇంకొకటి. కల్లం దగ్గరికే వచ్చే వ్యాపారి "బస్తా పదిహేడు వందలు" అంటాడట. వినసొంపుగా ఉంటుంది. డెబ్బై ఐదు కిలోలంటే ముప్పావు క్వింటాల్, కాబట్టి బస్తా ధరను మూడుతో భాగించి నాలుగుతో గుణిస్తే క్వింటాల్ ధర. 1,700కు 2,267 పడుతుంది. అదే 2,389 మద్దతు ధర లెక్కన బస్తా 1,792 దాకా రావాలి. బస్తాకు తొంభై రూపాయలు పోతున్నా, వెంటనే డబ్బు చేతికొస్తుందని ఇచ్చేశాను అన్నాడు. అది తెలిసి చేసిన బేరం, దాన్ని నేను తప్పుపట్టను.

మా 380 కిలోల మీద అర్జీ రాసిచ్చాం. రెండు చీటీలూ జిరాక్స్ తీసి జత చేశాను. ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు. మిగిలిన ఇరవై కిలోలు అమ్మ కోళ్లకు వేస్తోంది.