పేరు చేర్చుకుని పిల్లను వదిలేస్తారా?

దివ్యాంగ పిల్లల ప్రత్యేక పాఠశాలలు మూసి, వాళ్ల పేర్లు మామూలు బడి రిజిస్టరుకెక్కగానే సమ్మిళిత విద్య సాధించేశామని చాటుకోవడం విద్యాశాఖలకు అలవాటైపోయింది. ఇది లెక్కల మాయ. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో ప్రత్యేక అవసరాల విద్యపై జరిగిన సదస్సులో 92 ప్రభుత్వాలు ఒప్పుకున్నది ఇది కాదు. బడి ఉన్నది ఉన్నట్టే ఉండి పిల్లలే దానికి సర్దుకోవాలంటే అది సమీకృత విద్య. పిల్లల కోసం బోధన, పరీక్ష, గది, సిబ్బంది మారితేనే సమ్మిళిత విద్య. ఏ మార్పూ లేకుండా మామూలు తరగతిలో కూర్చోబెడితే సమ్మిళితం అనిపించుకోదని ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల కమిటీ 2016లోనే తేల్చిచెప్పింది.

వినికిడి లోపమున్న ఒక పాపనే తీసుకోండి. అరవై మంది ఉన్న గది, పైన రేకుల కప్పు. వినికిడి యంత్రం టీచరు గొంతుతో పాటు బెంచీల చప్పుడునూ, పక్క తరగతి గోలనూ పెంచి చెవిలో పోస్తుంది. అది బాగా పనిచేసేది మాట్లాడే మనిషి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్నప్పుడే. టీచరు బోర్డువైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలికా అందదు. బ్యాటరీ అయిపోతే ఆ యంత్రం పెట్టెలోకి చేరుతుంది. పాప బోర్డు మీది అక్షరాలను చక్కగా ఎక్కించుకుంటుంది, నోటుపుస్తకం నిండుతుంది, తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకుంటాడు. అందులో ఒక్క వాక్యం అర్థమేమిటని ఎవరూ అడగరు.

ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఉన్నా ఆమెకు ఎన్నో బడులు. వచ్చిన రోజున పాపను వరండాలోకి తీసుకెళ్లి కాసేపు చెప్పి వెళ్తుంది. తరగతి టీచరు దృష్టిలో ఇక ఆ పాప ‘ఆవిడ పిల్ల’. ఒకే కప్పు కింద రెండు బడులు నడుస్తున్నాయనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

ప్రత్యేక పాఠశాలలు పిల్లలను ఇంటికీ ఊరికీ దూరం చేస్తాయన్న విమర్శలో నిజముంది. కానీ సైగల భాష మాట్లాడే తోటిపిల్లలూ టీచర్లూ ఆ పాపకు దొరికింది అక్కడే. దాన్ని మూసి, ఆ భాష తెలిసినవారు ఒక్కరూ లేని తరగతిలో కూర్చోబెట్టడం వెలివేతకు కొత్త పేరు. బధిర పిల్లలకు తగిన భాషలో, తగిన వాతావరణంలో చదువు అందాలని దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణమే చెబుతోంది. అదే ఒడంబడికను చూపించి బడులు మూసేవారు ఆ అధికరణాన్ని చివరిదాకా చదివారా?

నిధుల్లేవన్న జవాబు మాకు తెలుసు. నిజమే, పేద బడిలో మామూలు పిల్లలకే టీచర్లు చాలరు. అలాంటప్పుడు మూసిన బడి నిధులూ, అక్కడి టీచర్లూ పిల్లల వెంట ఎందుకు రాలేదు? సమ్మిళితం పేరుతో పొదుపు చేస్తున్నారనే అనుమానం ఇక్కడే బలపడుతోంది. మూసివేత ఉత్తర్వులోనే ఏ టీచరు ఏ బడికి వెళ్తారో, ఆ డబ్బు ఎక్కడికి చేరుతుందో రాయండి. రాయలేకపోతే సంతకం పెట్టకండి.