‘నువ్వు తోపురా’ అంటే తగ్గదు

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా చిన్నమ్మ కొడుకును హైదరాబాద్ బస్సెక్కించడానికి నల్లగొండ బస్టాండుకు వెళ్లాను. ఇంజినీరింగ్‌లో కాలేజీ టాపర్, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. బస్సు వచ్చేదాకా ఫోన్‌లో అవే స్లైడ్లు ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాడు. "మంగళవారం డెమో ఉందక్కా. ఈసారి దొరికిపోత" అన్నాడు. "ఏం దొంగతనం చేసినవురా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు.

ఇంట్లోవాళ్ల మందు ఒకటే, "నువ్వు తోపురా, టెన్షన్ పడకు". నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తోపు అన్నకొద్దీ వాడి భయం పెరుగుతుంది. 'వీళ్లను కూడా మోసం చేస్తున్నా' అనుకుంటాడు మరి.

పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు 1978లోనే దీనికి, అంటే బాగా రాణిస్తున్నా 'నేను మోసగాణ్ణి, ఏదో రోజు దొరికిపోతా' అని భయపడటానికి, ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. చదువులో, వృత్తిలో బాగా రాణించిన 150 మందికి పైగా మహిళలను గమనించి రాశారు. మగవాళ్లలోనూ ఉంటుందని తర్వాత తేలింది. ఇది జబ్బు కాదు, లెక్క రాసుకోవడంలో వచ్చే తప్పు. పని రాగానే కొందరు అవసరానికి మించి తయారవుతారు, కొందరు వాయిదా వేసి చివరి రాత్రి ఉరుకుతారు. పని బాగానే అవుతుంది. మొదటివాళ్లు 'అంత కష్టపడ్డా కాబట్టి అయింది, తెలివి లేదు' అని రాసుకుంటారు. రెండోవాళ్లు 'అదృష్టం' అంటారు. తప్పు జరిగితే మాత్రం నేరుగా 'నా అసలు రంగు' ఖాతాలోకే. ఇలా రాస్తే ఎన్ని గెలుపులొచ్చినా జమ సున్నానే.

మావాడికి ఇది ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. పెళ్లిళ్లలో, బోనాలప్పుడు చుట్టాలంతా ఒకటే మాట: "వీడు పుస్తకం ముట్టకుండనే ఫస్టొస్తడు". వాడు రాత్రి రెండింటిదాకా దుప్పట్లో సెల్ లైట్ పెట్టుకుని చదివేది ఎవరికీ తెలియదు. కష్టపడకుండా రావడమే తెలివి అయితే, కష్టపడేవాడు తనను తాను దొంగ అనుకోక ఏం చేస్తాడు? అన్నీ సులువుగా వచ్చేస్తాయని పొగిడే ఇళ్ల గురించి ఆ ఇద్దరూ అప్పుడే రాశారు.

అందుకే పొగడలేదు. పది రూపాయల నోట్‌బుక్ కొనిచ్చి, డెమోకు ముందే అంచనా రాయమన్నాను. 'తోపు' లాంటి మాటలొద్దు, కెమెరాకు దొరికేవే రాయాలి. వాడు రాసింది: "మూడు ప్రశ్నలకైనా జవాబు రాదు. మేనేజర్ అందరి ముందూ నీకిది రాదా అంటడు. నమ్మకం 90 శాతం." రెండో షరతు వాడికి చేదు. పది నిమిషాల డెమోకు తొమ్మిది గంటలు కూర్చుంటాడు, ఈసారి మూడు గంటలే. ఇది తగ్గించకపోతే పరీక్షే కాదు. బాగా జరిగినా ఆ తొమ్మిది గంటల పుణ్యమే అంటాడు.

మంగళవారం రాత్రి ఫోన్ చేశాడు. నాలుగు ప్రశ్నలొచ్చాయి. రెండింటికి జవాబు చెప్పాడు. ఒకదానికి "చూసి చెప్తా" అన్నాడు, మేనేజర్ సరే అన్నాడు. నాలుగోది మేనేజర్‌కూ తెలియదు. వెంటనే "ఆయన మూడ్ బాగుందక్కా" అన్నాడు. అదే మళ్లీ పాత ఖాతా! 'మూడ్' కూడా రాయమన్నాను, కానీ చివర్లో. ఒక గుండ్రం గీసి, డెమో బాగా జరగడానికి ముందు మిగతా కారణాలకు అందులో వాటా ఇవ్వాలి: టెస్ట్ డేటా వాడే సరిచేశాడు, సీనియర్ ఒకసారి చూసిచ్చాడు, విషయం వాడికి తెలుసు. అన్నీ పోగా మూడ్‌కు మిగిలింది పదిహేను శాతం. ముందే అడిగుంటే సగం ఇచ్చేవాడు. పాత అంచనా మీద నమ్మకం 90 నుంచి 65కు దిగింది. ఒక్కసారికి అంతే దిగుతుంది, సున్నా కాదు.

ప్రతి భయమూ ఇదే అనుకోవద్దు. మీటింగ్‌లో ఇంగ్లిష్ అందకపోవడం వాడికి నిజంగానే ఉన్న లోటు. అది నేర్చుకుంటే తీరుతుంది. తేడా కనిపెట్టడం సులువే: నేర్చుకున్నాక భయం తగ్గితే అది లోటు. నేర్చుకున్నాక 'ఇది అందరికీ వస్తది, అసలుది నాకు రాదు' అని భయం ఇంకోదాని మీదికి జరిగిపోతే ఇంపోస్టర్. ఇక యాసను ఎక్కిరించే టీమ్ అయితే తప్పు వాడి తలకాయలో లేదు, నోట్‌బుక్ దానికి పనిచేయదు. నిద్ర, తిండి పోయి వారాలు గడిస్తే డాక్టర్‌ను కలవాల్సిందే.

శుక్రవారం ఇంకో డెమో ఉందట. అంచనా 70 అని రాశాడు, కొంచెం పైకే పోయింది. ప్రిపరేషన్ ఎన్ని గంటలు పెట్టుకున్నావురా అంటే, "అక్కా, బస్సొచ్చింది" అని పెట్టేశాడు.