అకౌంటెంట్ల టీజర్ #N/A దగ్గర మొదలవ్వాలి

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టీజర్లు చాలావరకు రంగురంగుల డ్యాష్‌బోర్డుతో మొదలవుతాయి. అది చూసి ఏ అకౌంటెంటూ ఆగడు. తాను రోజూ తిట్టుకునే స్క్రీన్ కనిపిస్తే మాత్రం ఆగుతాడు. నలభై సెకన్లలో ఒక్క తలనొప్పికే చోటుంటుంది. మన దేశంలో అయితే అది జీఎస్టీలోని 2బీ రీకన్సిలియేషనే కావాలి.

సరఫరాదారులు మన పేరున చూపిన బిల్లుల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బీ, నెలనెలా 14న వస్తుంది. నెలవారీ ఫైలింగ్ వాళ్లు 20లోగా పన్ను కట్టే రిటర్ను 3బీ వేయాలి. ఈ మధ్యలోనే కొనుగోలు రిజిస్టర్‌ను 2బీతో సరిచూసుకోవాలి. 2022 జనవరి నుంచి 2బీలో లేని బిల్లు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి ఈ పని తప్పించుకోలేరు.

స్క్రిప్టుకు ఒక్క బిల్లు చాలు. విలువ లక్ష, పన్ను 18,000. మన రిజిస్టర్లో దాని నంబరు 0145/25-26. సరఫరాదారు పోర్టల్‌లో ఎక్కించింది 145. ఎక్సెల్‌లో చివర FALSE పెట్టిన VLOOKUP నంబరు పూర్తిగా కలిస్తేనే పట్టుకుంటుంది, అందుకే దొరకలేదని #N/A చూపిస్తుంది. ఒకే బిల్లు రెండు తప్పులుగా తేలుతుంది: పుస్తకాల్లో ఉంది 2బీలో లేదు, 2బీలో ఉంది పుస్తకాల్లో లేదు.

మొదటి ఎనిమిది సెకన్లు మాటల్లేకుండా ఆ #N/A గడినే దగ్గరగా చూపించాలి. తర్వాత రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి, జీఎస్టీఐఎన్, తేదీ, పన్ను మొత్తం ఒకటేనని కనబడనివ్వాలి. అప్పుడు గొంతు: "ఈ 18,000 ఎక్కడికీ పోలేదు. నంబరు వేరేలా రాశారంతే." ఆపై సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ జతగా సూచిస్తుంది, అకౌంటెంట్ చూసి ఒప్పుకుంటాడు.

ఈ ఒప్పుకునే మెట్టును నిడివి కోసం కత్తిరించడం పెద్ద పొరపాటు. ఒకే సరఫరాదారు ఒకే రోజు ఒకే మొత్తానికి రెండు బిల్లులు ఇవ్వొచ్చు. నంబరు పట్టించుకోకుండా జతచేస్తే తప్పు బిల్లు కలుస్తుంది. ఇది తెలిసినవాడు "ఒక్క క్లిక్‌తో నూరుశాతం మ్యాచింగ్" అనగానే వీడియో మూసేస్తాడు. సరఫరాదారు అసలు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఆ క్రెడిట్‌ను పుట్టించలేదు. ఆ సంగతి కూడా చెప్పేయాలి: "ఫైల్ చేయని సరఫరాదారుల జాబితా విడిగా ఇస్తాం, ఫోన్ చేయడం మీ వంతు." ఈ ఒక్క వాక్యం మిగతా స్క్రిప్టు మీద నమ్మకం కలిగిస్తుంది.

ఇక విడుదల. 15, 16 తేదీల్లో వదిలితే నొప్పి పచ్చిగా ఉంటుంది, కానీ డెమో చూసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే చివరి ఫ్రేములో "ఇప్పుడే కొనండి" వద్దు. "21 తర్వాత మీ పాత 2బీ ఫైల్ తెచ్చుకోండి, దాని మీదే చూపిస్తాం" అని ఉండాలి.