చక్కెర లేని పరుగు

హాఫ్ మారథాన్‌కి పేరు ఇచ్చిన రోజు నుంచి నాకు పరుగు కన్నా తిండి మీదే శ్రద్ధ పెరిగింది. గంటన్నర దాటి పరిగెత్తేవాళ్లు ముందు ఒకటి రెండు రోజులు కార్బోహైడ్రేట్లు దండిగా తిని కండరాల్లో నిల్వ చేసుకోవాలని, నాకన్నా ముందు ఈ పిచ్చి పట్టిన స్నేహితుడు చెప్పాడు. ఒంటి బరువులో కిలోకి రోజుకి 8 గ్రాములైనా ఉండాలట. నా బరువు 72 కిలోలు. అంటే 576 గ్రాములు. వంద గ్రాముల అన్నంలో ఉండేది 28 గ్రాములే కాబట్టి, ఒట్టి అన్నంతో లాగించాలంటే రోజుకి రెండు కిలోలు తినాలి.

"అందుకేరా, తెల్ల బ్రెడ్డు, జామ్, అరటిపండ్లు, పండ్లరసం కొనుక్కో. పీచు తక్కువ, తీపి ఎక్కువ. పొట్ట బరువెక్కకుండా లెక్క తేలిపోతుంది" అన్నాడు వాడు.

ఆరు నెలల క్రితమే టీలో చక్కెర మానేసి, ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటూ తిరుగుతున్న మనిషిని నేను. జామ్ సీసా పట్టుకుని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడటమా? తెల్ల బ్రెడ్డు దాటి ముందుకెళ్లాను. అక్కడ కనిపించాయి, ఆకుపచ్చ అట్టపెట్టెలో ఎనర్జీ బార్లు. మీద పరిగెత్తుతున్న మనిషి బొమ్మ, కింద 'చక్కెర లేదు' అని పెద్ద అక్షరాలు. నేనేం గుడ్డిగా కొనలేదు. పెట్టె తిప్పి చూశాను. ఒక్కో బార్‌లో కార్బోహైడ్రేట్లు 24 గ్రాములు. చక్కెర లేకుండా ఇన్ని కార్బోహైడ్రేట్లా అని మురిసిపోయి పెట్టె మొత్తం కొన్నాను. ఆ లైను కిందే ఇంకో లైను ఉంది. అంత చిన్న అక్షరాలు చదవాలంటే కళ్లజోడు తియ్యాలి. తియ్యలేదు.

పరుగు ముందురోజు బుద్ధిగా అన్నం, బంగాళాదుంపలు తిని, రాత్రి రెండు బార్లు వేసుకున్నాను. తెల్లవారుజామున పొట్టలో ఏదో గుడగుడ. టెన్షన్ అనుకున్నాను. టెన్షన్‌కి విరుగుడుగా ఇంకో బార్ తిన్నాను.

పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు పడాలన్నది కూడా నాకు బాగా గుర్తుంది. అందుకని 5వ కిలోమీటరు దగ్గర నాలుగోది తీశాను. పరిగెత్తుతూ బార్ నమలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నమిలితే ఊపిరి అందదు, ఊపిరి తీస్తే పొడి గొంతులోకి పోతుంది. పక్కనున్నావిడ నడుముపట్టీలోంచి చక్కెర పాకంలాంటి జెల్ ఉన్న చిన్న పొట్లం తీసి, కొస చింపి, ఒక్క పిండు పిండి, రెండు గుక్కల నీళ్లు తాగి ముందుకెళ్లిపోయింది. నేను 6వ కిలోమీటరు దాకా నములుతూనే ఉన్నాను.

8వ కిలోమీటరు దగ్గర గుడగుడ కాస్తా ఉరుమైంది. ఆ తర్వాత నా కళ్లు మైలురాళ్లని వెతకలేదు. 9 దాటాక నీలంరంగు మొబైల్ టాయిలెట్ కనపడితే, ఆ రోజు మొత్తంలో నా అత్యంత వేగమైన రెండు వందల మీటర్లు అక్కడే పరిగెత్తాను. లోపల పద్నాలుగు నిమిషాలు. నా చేతి వాచీ 'పరుగు ఆగిపోయిందా?' అని మర్యాదగా అడిగింది.

ఎలాగో చివరి గీత దాటి ఇంటికొస్తే, మా ఆవిడ ఆ పెట్టె తీసుకుని కిటికీ దగ్గరికెళ్లింది.

"ఏమండీ, 24 గ్రాముల కింద 'అందులో పాలియాల్స్ 16' అని ఉంది, చూళ్లేదా?"

పాలియాల్స్ అంటే మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు. లెక్కకి కార్బోహైడ్రేట్లే గానీ, చిన్నపేగు వాటిని పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలిపోయింది పేగులోకి నీళ్లు లాగుతుంది, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. నాలుగు బార్లకి 64 గ్రాములు. కాళ్లకి చేరాల్సిన ఇంధనంలో మూడింట రెండు వంతులు ఇవే, అందులో బోలెడంత వేరే దారి పట్టిందన్నమాట.

"ఇంకా కింద 'అతిగా తింటే విరేచనాలు కావచ్చు' అని కూడా రాశాడండీ. పాపం, వాడు చెప్పాడు."

స్నేహితుడికి ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు నవ్వి, "జన్మలో ఒక్కసారి చక్కెర పనికొచ్చే రోజు వస్తే, చక్కెర లేనిది ఏరి మరీ కొన్నావురా" అన్నాడు. తర్వాత జాలిపడి చెప్పాడు: పొట్లానికి పాతిక గ్రాముల కార్బోహైడ్రేట్లుండే, చక్కెర ఉన్న మామూలు జెల్స్ మూడు కొనాలి. అరగంట దాటాక ఒకటి, ఆపైన అరగంటకొకటి, ప్రతిదానికీ వెంట మంచినీళ్లే, తియ్యటి డ్రింక్ కాదు. రెండు తీపులూ కలిస్తే పొట్ట మళ్లీ తిరగబడుతుంది. అదీ పరుగు రోజు మొదటిసారి కాకుండా, నెల ముందే ఆదివారం పరుగుల్లో తిని చూసుకోవాలి.

రెండు బార్లు ఇంకా అల్మరాలో ఉన్నాయి. మా ఆవిడ పారెయ్యలేదు. పెట్టె మీది పరుగుమనిషి బొమ్మకి ఎదురుగా, మార్కర్ పెన్నుతో ఒక తలుపు గీసి పెట్టింది.