ఇద్దరం ఒప్పుకున్నాక స్లాట్ మార్చడానికి అడ్డేంటి?

ఇప్పుడే మెషిన్ ఇన్‌ఛార్జ్ సార్ రిప్లై ఇచ్చారు. "నో స్వాప్. క్యాన్సిల్ చేసి మళ్లీ బుక్ చేసుకోండి." రెండు గంటలు ఎదురుచూస్తే వచ్చింది ఇంతే. ఒళ్లు మండిపోతోంది.

రేపు పొద్దున 11:30కి, కణాల్ని ఒక్కొక్కటిగా చదివే ఫ్లో సైటోమీటర్ మీద నాకు గంట స్లాట్ ఉంది. కణాలు అనుకున్నంత పెరగలేదు, అందుకే ఇవాళ పొద్దున కలపాల్సిన మందు మధ్యాహ్నం 3:30కి కలిపాను. 24 గంటల రీడింగ్ అంటే కణాలు తీసి రంగు కలపడం రేపు 3:30కే మొదలుపెట్టాలి. 4:30 స్లాట్ పక్క ల్యాబ్ అమ్మాయిది. తనవి సెల్ సైకిల్ శాంపిల్స్, 70 శాతం ఇథనాల్‌లో ఫిక్స్ చేసి, అంటే కణాలు ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయేలా చేసి, మైనస్ 20లో పెట్టింది. పొద్దున చదివినా వచ్చే వారం చదివినా వాటికేం కాదు. "మీరు తీసుకోండక్కా, నేను పొద్దున వస్తా" అంది. ఇదంతా మెసేజ్‌లో రాశాను.

నావి బతికున్న కణాలు. చచ్చే కణాల్ని చూపించే అనెక్సిన్, పీఐ అనే రంగులు కలిపాక గంటలోపు చదివెయ్యాలి. ఆలస్యమైతే, అప్పుడప్పుడే చావు మొదలైన కణాల పొర కూడా దెబ్బతిని పీఐ లోపలికి పోతుంది. ప్లాట్‌లో కింద కుడి గడిలో ఉండాల్సినవి పై గడిలోకి ఎక్కుతాయి. చూసేవాళ్లు మందు అంత గట్టిగా పనిచేసిందనుకుంటారు. మందు వేయని కంట్రోల్‌లో కూడా చచ్చినవి పెరిగితే అసలు సంగతి బయటపడుతుంది, కానీ అప్పటికి ప్లేట్ పోయినట్టే. ముందే ఫిక్స్ చేద్దామంటే పొర పాడై పీఐ అన్నిట్లోకీ పోతుంది. పోనీ 11:30కే చదివితే అది 20 గంటలు కూడా నిండని రీడింగ్. ముందు చేసిన రెండు సెట్లూ 24 గంటలవి, వాటితో దీన్ని ఎలా కలపను?

ట్యూబింగ్‌లో పీఐ మిగిలి తర్వాతివాళ్ల శాంపిల్‌లో కనిపిస్తుందని భయమైతే ఒప్పుకుంటాను. కానీ మా ఇద్దరిదీ పీఐయే. ఎవరు ముందు వచ్చినా బ్లీచ్, తర్వాత నీళ్లు నడిపించే వెళ్తాం. క్యాన్సిల్ చేస్తే మాత్రం మళ్లీ ఖాళీ దొరికేది శుక్రవారమే.

ఇంత కచ్చితమైన రూల్ పోయిన నెల ఏమైంది? ఒక సీనియర్ పేరు మీద వరుసగా మూడు గంటలు బ్లాక్ చేసి ఉన్నాయి. ఆయన రాలేదు. లేజర్లు వేసి మెషిన్ ఖాళీగా ఉంది, నేను ఐస్ డబ్బా పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. వాడుకోవచ్చా అని సార్‌కి మెసేజ్ పెడితే "ఆయన పర్మిషన్ కావాలి" అన్నారు. ఆయన ఫోన్ ఎత్తలేదు. మూడు గంటలూ అలాగే పోయాయి, ఆయన్ని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఆ రోజు ఆయన పర్మిషన్ ఉంటే చాలన్నారు కదా, మరి ఈ అమ్మాయి పర్మిషన్ ఎందుకు చాలదు?

రాత్రి తొమ్మిదిన్నర అయింది. మందు ప్లేట్‌లో పనిచేస్తూనే ఉంది, దాన్ని ఆపలేను. మళ్లీ మెసేజ్ పెట్టాను. ఆ అమ్మాయి కూడా తన ఫోన్ నుంచి విడిగా పెట్టింది. సార్ ఇంకా చూడలేదు.